గది మారితే బిల్లంతా మారుతుంది

ఆసుపత్రి బిల్లు 1,60,000 రూపాయలు. చేతిలో ఉన్నది 3 లక్షల హెల్త్ పాలసీ. పాలసీ మొత్తంలో సగానికి కాస్త పైన అయిందంతే కదా, చేతి నుంచి ఏ పదివేలో పడతాయని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. డిశ్చార్జి రోజు మధ్యాహ్నం ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి పిలుపు వస్తుంది. కంపెనీ ఇచ్చింది 84,800, మీరు కట్టాల్సింది 75,200 అంటారు. అవతల పేషెంటు బట్టలు మార్చుకుని కూర్చుని ఉంటాడు, కారు కింద ఆగి ఉంటుంది. ఎందుకింత అని నిలదీసే ఓపిక ఎవరికీ ఉండదు. కార్డు గీకి వచ్చేస్తారు.

ఇందులో మోసం ఉండి తీరాలనేమీ లేదు. ఈ 75,200లో ఎక్కువ భాగం చేరిన రోజునే, అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఒక్క మాటతో తేలిపోయింది. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

66 ఏళ్ల పెద్దాయన. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, దాంతోపాటు ఇన్ఫెక్షన్. ఆపరేషన్ చేసి 4 రోజులు ఉంచాలన్నారు. అడ్మిషన్ కౌంటర్‌లో కొడుకును అడిగారు: "ట్విన్ షేరింగ్ అయితే రోజుకు మూడు వేలు, సింగిల్ రూమ్ అయితే ఐదు వేలు. ఏది రాయమంటారు సార్?" నాన్నకు రాత్రిళ్లు నిద్ర పట్టదు, పక్క బెడ్ వాళ్ల అలికిడి ఎందుకని కొడుకు సింగిల్ రూమ్ రాయించాడు. రోజుకు 2 వేల చొప్పున నాలుగు రోజులకు 8 వేలు ఎక్కువవుతుంది, పోనీలే అనుకున్నాడు. ఆ లెక్క తప్పని చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

ఆయన పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది: రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం. అంటే 3 లక్షల పాలసీకి 3 వేలు. 5 వేల గదిలో ఉంటే పైన పడిన 2 వేలు మాత్రమే మనం కట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. కానీ పాలసీలో దాని పక్కనే ఇంకో షరతు ఉంటుంది. అర్హతకు మించిన గది తీసుకుంటే, గదిని బట్టి రేటు మారే మిగతా ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఇన్సూరెన్స్ వాళ్లు దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. దీనికి కారణం లేకపోలేదు. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో అదే సర్జన్, అదే ఆపరేషన్, అదే థియేటర్ అయినా జనరల్ వార్డు పేషెంటుకు ఒక రేటు, సింగిల్ రూమ్ పేషెంటుకు ఇంకో రేటు ఉంటుంది. గదితో పాటు పెరిగిన ఆ రేట్లను మేం భరించబోమని కంపెనీ ముందే రాసుకుంటుంది.

ఇప్పుడు బిల్లు విప్పి చూద్దాం. గది అద్దె 20,000. సర్జన్, మత్తు డాక్టర్ ఫీజులు, డాక్టర్ విజిట్లు కలిపి 60,000. ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు 30,000. మందులు 24,000. రక్తపరీక్షలు, స్కానింగులు 16,000. మిగిలిన 10,000 గ్లౌజులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి. ప్రత్యేకంగా యాడ్-ఆన్ ఉంటే తప్ప చాలా పాలసీలు వీటికి ఇవ్వవు, కాబట్టి ఈ పదివేలు మొదటే పక్కకు పోతాయి.

తర్వాత నిష్పత్తి. అర్హత ఉన్న 3 వేలను, తీసుకున్న 5 వేలతో భాగిస్తే 60 శాతం. గది అద్దెలో 12,000 మాత్రమే లెక్కకు వస్తుంది. డాక్టర్ల ఫీజులు, థియేటర్ ఛార్జీలు కలిపి 90,000 కదా, అందులో 60 శాతం, అంటే 54,000 నిలుస్తుంది. ఒక్క ఈ పద్దులోనే 36,000 ఎగిరిపోయింది. కొడుకు లెక్కలోకి రానిది ఇదే. మందులు, పరీక్షల 40,000కు కోత లేదు. అన్నీ కలిపితే 1,06,000.

కంపెనీ ఇది కూడా పూర్తిగా ఇవ్వదు. ఆ పాలసీలో 20 శాతం కో-పే ఉంది. అంటే లెక్క తేలిన క్లెయిమ్‌లో ప్రతి వంద రూపాయలకూ 20 రూపాయలు పాలసీదారే పెట్టుకోవాలి. ఈ షరతు పెద్దవాళ్ల పాలసీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని పాలసీల్లో ఊరిని బట్టి కూడా వస్తుంది. చిన్న పట్టణం చిరునామాతో తక్కువ ప్రీమియం కట్టినవాళ్లు పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే కో-పే పడుతుంది. ఒంగోలు నుంచి చెన్నైకో, ఖమ్మం నుంచి హైదరాబాద్‌కో వెళ్లేవాళ్లు తమ పాలసీలో ఈ మాట ఉందేమో చూసుకోవాలి. మన ఉదాహరణలో 1,06,000 మీద 20 శాతం అంటే 21,200. అది తీసేస్తే కంపెనీ ఇచ్చేది 84,800. పెద్దాయన ఇంట్లోంచి పోయేది పదివేలు, గది వల్ల పడిన కోత 44,000, కో-పే 21,200 కలిపి 75,200.

అదే ట్విన్ షేరింగ్‌లో ఉండి ఉంటే? గది అద్దె 12,000. ఆ తరగతికి ఆసుపత్రి రేట్లు తక్కువ కాబట్టి ఫీజులు, థియేటర్ కలిపి 75,000 అయ్యాయనుకుందాం. మందులు, పరీక్షలు, ఇవ్వని పద్దులు మారవు. మొత్తం బిల్లు 1,37,000. పదివేలు పక్కన పెడితే 1,27,000 మీద నిష్పత్తి కోత ఉండదు, కో-పే మాత్రం 25,400 పడుతుంది. చేతి నుంచి కట్టేది 35,400. ఎనిమిది వేలు ఎక్కువవుతుందనుకున్న సింగిల్ రూమ్‌కు నిజంగా పడ్డ ధర 39,800. ఇది ముందే తెలిసి, మా నాన్న నిద్రే నాకు ముఖ్యమని సింగిల్ రూమ్ తీసుకుంటే ఎవరూ కాదనరు. తెలియక తీసుకోవడమే బాధ.

ఇక్కడిదాకా నిబంధన ప్రకారం జరిగిన కోత. కోత వేయకూడని చోట వేయడం వేరే సంగతి, దాన్ని పట్టుకోవడం పాలసీదారు చేతిలోనే ఉంది. ఒకప్పుడు కొన్ని కంపెనీలు ఈ నిష్పత్తిని బిల్లంతటికీ, మందులకూ ఇంప్లాంట్లకూ కూడా వర్తింపజేసేవి. స్టెంట్ ధర గదిని బట్టి మారదు కదా! 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీనికి హద్దు గీసింది. మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, పరీక్షల ఖర్చులపై నిష్పత్తి కోత వేయకూడదంది. ఐసీయూ ఛార్జీలకూ అది వర్తించకూడదంది. మీ పాలసీ పుస్తకంలో నిర్వచనాల భాగంలో "అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్" అన్న పదం దగ్గర ఈ సంగతి చూడొచ్చు. మన ఉదాహరణలో మందులు, పరీక్షలకూ 60 శాతమే లెక్కవేసి ఉంటే, కో-పే కూడా పోయాక కంపెనీ ఇచ్చేది 72,000కు పడిపోయేది. అంటే 12,800 అన్యాయంగా పోయినట్టు. ఇది కనిపెట్టాలంటే కంపెనీ పంపే అప్రూవల్ లెటర్‌లో మొత్తం కోత ఎంతో చూస్తే చాలదు. ఏ పద్దులో ఎంత తగ్గించారో విడివిడిగా అడగాలి. మందుల పద్దు, ల్యాబ్ పద్దు పూర్తిగా వచ్చాయా అన్నది మొదట చూడాల్సిన విషయం.

అదే నియమంలో ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే, నిష్పత్తి కోత అసలే వేయకూడదు. చిన్న పట్టణాల్లోని నర్సింగ్ హోములు చాలావరకు ఇలాంటివే. ఏ గదిలో ఉన్నా సర్జన్ ఫీజు అదే, థియేటర్ ఛార్జీ అదే. మన పెద్దాయన అలాంటి చోట చేరి, అదే 1,60,000 బిల్లు అయి ఉంటే, గది అద్దెలో తేడా 8,000 మాత్రమే పోయేది. కంపెనీ 1,13,600 ఇచ్చేది, ఆయన కట్టాల్సింది 46,400. అయితే క్లెయిమ్ చూసే ఉద్యోగికి ఆ సంగతి తనంతట తాను తెలియదు. మా దగ్గర అన్ని గదులకూ ఒకే రేటని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకుని, రేట్ల పట్టికతో కలిపి పంపాలి. ఆ ఒక్క కాగితం విలువ ఇక్కడ 28,800 రూపాయలు.

గది ఎంచుకునే ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ అద్దెలో నర్సింగ్ ఛార్జీలు కలిసే ఉన్నాయా? చాలా పాలసీల్లో పరిమితి గదికీ, భోజనానికీ, నర్సింగ్‌కూ కలిపి ఉంటుంది. కౌంటర్‌లో 3 వేల గదని చెప్పి, బిల్లులో నర్సింగ్‌కు రోజుకు 500 విడిగా వేస్తే, కంపెనీ దృష్టిలో అది 3,500 గది. పరిమితి దాటినట్టే, మిగతా పద్దుల మీదా కోత మొదలైనట్టే. 3 వేల లోపు గదులు ఖాళీ లేవని ఆసుపత్రి అంటే ఆ మాట రాసివ్వమనండి. కంపెనీ దాన్ని ఒప్పుకోవాలని లేదు గానీ, ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే ఆధారం.

డిశ్చార్జి రోజు హడావిడిలో డబ్బు కట్టేసినంత మాత్రాన తర్వాత అడిగే హక్కు పోదు. పద్దులవారీ బిల్లు, తుది అప్రూవల్ లెటర్, పాలసీ ఈ మూడూ దగ్గర పెట్టుకుని, తప్పు కోత అనిపించిన పద్దులను ఎత్తి చూపుతూ ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి మెయిల్ పెట్టాలి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోగా వెళ్లాలి.

రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు ప్రీమియం అంకెతో ఆగకుండా, పాలసీతో ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ కూడా చదవండి. గది పరిమితి, కో-పే రెండూ అందులో ఉంటాయి. గది పరిమితిని ఎత్తేసే యాడ్-ఆన్ మీ కంపెనీలో ఉంటే, దానికి అదనంగా అడిగే ప్రీమియాన్ని, పైన చూసిన 44,000 కోత పక్కన పెట్టి బేరీజు వేసుకోవచ్చు. పాలసీ మొత్తాన్ని 3 లక్షల నుంచి 5 లక్షలకు పెంచినా, 1 శాతం పరిమితి 5 వేలవుతుంది. అప్పుడు మన పెద్దాయనకు ఆ సింగిల్ రూమే అర్హతలోకి వస్తుంది. 20 శాతం కో-పే మాత్రం అలాగే ఉంటుంది.