పదికి 7.6 అంటే జర్మనీలో ఎంత?

ఆంధ్ర, తెలంగాణల్లోని విశ్వవిద్యాలయాలు ఇంజినీరింగ్ విద్యార్థికి చివర్లో ఇచ్చే కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమోలో ఇప్పుడు మొదట కనిపించేది పదికి లెక్కగట్టిన సీజీపీఏ. ఇక్కడ ఆ అంకె చూడగానే విద్యార్థి స్థాయి అర్థమవుతుంది. విదేశంలో అలా కాదు. జర్మనీలో అత్యుత్తమ గ్రేడు 1.0, పాసు కావడానికి ఆఖరి మెట్టు 4.0. అంకె పెరిగినకొద్దీ ఫలితం తగ్గినట్టు లెక్క. అమెరికాలో జీపీఏ సాధారణంగా నాలుగుకు ఉంటుంది. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో 70 శాతం వస్తే ఫస్ట్ క్లాస్ ఆనర్స్. అందువల్ల రెజ్యూమెలో ‘సీజీపీఏ: 7.6’ అని మాత్రమే రాస్తే, అవతలివారు దాన్ని తమ కొలతతోనే చదువుకుంటారు. ఏ కొలతో చెప్పని మార్కుకు విదేశంలో అర్థం లేదు.

ఈ సమస్యకు చాలామంది వెతికే పరిష్కారం సీజీపీఏని శాతంగా మార్చడం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. మెకానికల్ బీటెక్ పూర్తిచేసి, 7.6 సీజీపీఏతో జర్మనీలో ఒక వాహన విడిభాగాల కంపెనీకి దరఖాస్తు పెడుతున్న విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. ఈ అంకెను పదితో గుణిస్తే 76 శాతం. 9.5తో గుణిస్తే 72.2. ముందు 0.5 తీసేసి పదితో గుణిస్తే 71. 0.75 తీసేసి గుణిస్తే 68.5. ఒకే విద్యార్థికి, ఒకే చదువుకు నాలుగు శాతాలు వచ్చాయి. వీటిలో ఏది సరైనదో తేల్చేది విద్యార్థి చదివిన విశ్వవిద్యాలయం నియమావళి మాత్రమే.

9.5తో గుణించే పద్ధతి సీబీఎస్ఈది. పదో తరగతికి గ్రేడ్లు ఇచ్చిన కాలంలో, 91 నుంచి 100 మధ్య మార్కులు తెచ్చుకున్నవారి సగటు 95 దగ్గర ఉంటుందన్న ఆధారంతో బోర్డు ఆ సూత్రం చెప్పింది. అది బడి పరీక్షకు సంబంధించిన లెక్క. దానికి బీటెక్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా బీటెక్ రెజ్యూమెల్లో అది ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

0.5 తీసేయడం వెనక చక్కని తర్కం ఉంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 నియమావళిలో ఒక సబ్జెక్టులో 60 నుంచి 69 వరకు ఎన్ని మార్కులు వచ్చినా గ్రేడ్ పాయింట్లు 7. 70 నుంచి 79 వరకు 8. కింద 40 నుంచి 49 వరకు 5. అన్ని సబ్జెక్టుల్లో 61 తెచ్చుకున్నవారికీ, అన్నింటిలో 69 తెచ్చుకున్నవారికీ సీజీపీఏ 7 మాత్రమే. అంటే సీజీపీఏ లెక్కగట్టిన క్షణంలోనే అసలు మార్కులు మరుగున పడ్డాయి. వాటిని ఏ సూత్రమూ వెనక్కి తేలేదు. కాబట్టి ఆ పది మార్కుల పరిధికి నడిమధ్య ఉన్న 65ని తీసుకుంటారు. ఏడులోంచి అర తీసి పదితో గుణిస్తే వచ్చేది అదే. 0.75 తీసే పద్ధతిలో ఆ బిందువు ఇంకా కిందికి, 62.5కి దిగుతుంది. ఏఐసీటీఈ సమానతా పట్టికలో 6.75కి 60 శాతం, 7.75కి 70 శాతం అని ఉండేది ఈ లెక్కతోనే. రెండూ అంచనాలే. ఏదో ఒకటి వాడాల్సివస్తే, చేరిన ఏడాదికి వర్తించే నియమావళిలో ఏది ఉందో చూసి దాన్నే వాడాలి. సీనియర్లకు వర్తించిన సూత్రం తర్వాతి బ్యాచ్‌కు వర్తిస్తుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు జర్మనీ లెక్క. విదేశీ గ్రేడ్లను జర్మన్ గ్రేడ్లుగా మార్చడానికి అక్కడి విశ్వవిద్యాలయాలు విరివిగా వాడేది ‘సవరించిన బవేరియన్ సూత్రం’. 

```
N = 1 + 3 × (Nmax − Nd) / (Nmax − Nmin)
```

ఇందులో `Nmax` ఆ కొలతలో గరిష్ఠం, `Nmin` పాసు కావడానికి కావలసిన కనిష్ఠం, `Nd` విద్యార్థికి వచ్చినది. గరిష్ఠం వచ్చినవారికి 1.0, అంచున పాసైనవారికి 4.0 వచ్చేలా సూత్రాన్ని కట్టారు. ఫలితం 1.5 వరకు ఉంటే జర్మన్లు చాలా బాగుందంటారు, 1.6 నుంచి 2.5 వరకు బాగుందంటారు, 2.6 నుంచి 3.5 వరకు సంతృప్తికరం అంటారు, ఆ తర్వాత 4.0 వరకు కేవలం పాసు.

మన విద్యార్థి నియమావళిలో పట్టా రావడానికి కనీస సీజీపీఏ 5 అనుకుందాం. గరిష్ఠం 10. పదిలోంచి 7.6 తీస్తే 2.4. దాన్ని ఐదుతో భాగిస్తే 0.48. మూడుతో గుణించి ఒకటి కలిపితే 2.44. ఒక దశాంశానికి కుదిస్తే 2.4. ‘బాగుంది’ అన్న శ్రేణిలో నిలకడగా ఉన్న ఫలితం ఇది.

ఇదే లెక్కను ముందు శాతంగా మార్చి చేస్తే ఏమవుతుందో గమనించదగ్గది. 0.75 తీసే సూత్రంతో 68.5 శాతం వస్తుంది. గరిష్ఠం వంద, పాసు మార్కు 40 అని పెట్టి బవేరియన్ సూత్రంలో వేస్తే 2.575, గుండ్రం చేస్తే 2.6. విద్యార్థి ‘సంతృప్తికరం’లోకి జారిపోయాడు. చదువు మారలేదు, మెమో మారలేదు, దారి మాత్రమే మారింది. కారణం సూటిగానే ఉంది. ఆ శాతం సూత్రంలో పదికి పది తెచ్చుకున్నవారికి కూడా 92.5 శాతమే వస్తుంది. ఎవరికీ అందని వందను గరిష్ఠంగా పెట్టడంతో అందరూ కిందికి జరుగుతారు. మెమోలో సీజీపీఏ ఉంటే సీజీపీఏనే నేరుగా సూత్రంలో వేయాలి. రెండుసార్లు మార్చిన అంకెలో రెండు అంచనాల తప్పులు చేరతాయి.

ఎక్కువమంది పొరబడే మరోచోటు `Nmin`. సబ్జెక్టు పాసుకు కావలసిన మార్కు వేరు, పట్టాకు కావలసిన సీజీపీఏ వేరు కావచ్చు. ఆ అంకె 5 బదులు 4 అని వేస్తే పై విద్యార్థి ఫలితం 2.2 అవుతుంది. చూడటానికి బాగుంటుంది, కానీ అది నియమావళిలో లేని 4. ఎవరైనా మెమో వెనక ముద్రించిన గ్రేడుల పట్టిక తిప్పి చూస్తే తేడా బయటపడుతుంది. దరఖాస్తుతో పాటు ఆ వెనక పేజీని కూడా స్కాన్ చేసి జతపరచడం మంచిది. చాలామంది ముందు పేజీ ఒక్కటే పంపుతారు, కొలత వివరమంతా వెనకే ఉండిపోతుంది.

అమెరికాకు ఇలాంటి ఒకే సూత్రం లేదు. అక్కడ జీపీఏ అక్షర గ్రేడ్ల నుంచి పుడుతుంది: ‘ఎ’కి 4, ‘బి’కి 3, ‘సి’కి 2. సీజీపీఏని 0.4తో గుణించి నాలుగుకు మార్చడం తేలికే, పై విద్యార్థికి 3.04 వస్తుంది. కానీ ఆ తేలికదనం మోసం చేస్తుంది. భారత విశ్వవిద్యాలయాల్లో 60 దాటితే ఫస్ట్ క్లాస్. అమెరికా తరగతి గదిలో 60 శాతమంటే దాదాపు ఫెయిలు అంచు. అందుకే పట్టాలను పోల్చి చూసే అక్కడి మూల్యాంకన సంస్థలు మొత్తం అంకెను గుణించవు. ప్రతి సబ్జెక్టు గ్రేడునూ, దాని క్రెడిట్లనూ తీసుకుని, భారతీయ గ్రేడు ఏ అక్షరానికి సాటి వస్తుందో విడివిడిగా నిర్ణయిస్తాయి. ఫలితం 0.4 లెక్క కంటే ఎక్కువగా ఉండటం అసాధారణం కాదు. సొంతంగా 3.04 అని రాసుకున్నవారు తమకు తామే నష్టం చేసుకుని ఉండవచ్చు. కంపెనీ అధికారిక మూల్యాంకనం అడిగేదాకా పదికి వచ్చిన అంకెనే ఇవ్వడం సబబు.

బ్రిటన్‌లో ప్రమాదం మరో రకం. అక్కడ 70 పైన ఫస్ట్, 60 నుంచి 69 వరకు ‘టూ-వన్’, 50 నుంచి 59 వరకు ‘టూ-టూ’. చాలా కంపెనీలు కొత్త పట్టభద్రుల ఉద్యోగాలకు టూ-వన్ అడుగుతాయి. శాతాలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి 68 వచ్చినవారు తమది టూ-వన్ అని రాసేస్తారు. ఆ పేర్లు బ్రిటిష్ పట్టాలకు చెందినవి. భారత పట్టాకు వాటిని తగిలించే హక్కు దరఖాస్తుదారుకు లేదు. ‘ఫస్ట్ క్లాస్’, ‘ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్’ అని ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఏముందో దాన్నే రాసి, పక్కన అంకె ఇస్తే సరిపోతుంది.

ఇంతకీ రెజ్యూమెలో ఆ వరస ఎలా ఉండాలి? జర్మనీకి వెళ్లే దరఖాస్తులో ఇలా రాయవచ్చు.

```
B.Tech, Mechanical Engineering
CGPA: 7.6 / 10 (pass: 5.0), First Class
German grade: 2.4 (modified Bavarian formula, own calculation)
```

ఇందులో మొదట వచ్చింది మెమోలో ఉన్న అసలు అంకె. దాని పక్కనే గరిష్ఠం, పాసు మెట్టు, తరగతి. మార్చిన అంకె ఆ తర్వాత, ఏ సూత్రంతో ఎవరు మార్చారో చెబుతూ వచ్చింది. ‘own calculation’ అన్న రెండు మాటలు చిన్నవే కానీ, సొంత లెక్కను అధికారిక ధ్రువీకరణగా చూపించారన్న అనుమానం రాకుండా అవే కాపాడతాయి. క్లాసులో ఎన్నో ర్యాంకో రాయాలనుకుంటే కళాశాల ఇచ్చిన ధ్రువపత్రం ఉన్నప్పుడే రాయాలి.

ఆన్‌లైన్ ఫారాల్లో ఇంత చోటు ఉండదు. జీపీఏ గడి పక్కన కొలతను ఎంచుకునే వీలుంటే పదిని ఎంచుకుని 7.6 వేయాలి. గడి తప్పనిసరి కాకపోతే ఖాళీగా వదిలి, రెజ్యూమె మీద వివరం ఉండనివ్వాలి. తప్పనిసరైతే, నాలుగుకు మించి తీసుకోని గడిలో 7.6ను ఎలాగోలా ఇరికించకూడదు. మూల్యాంకన సంస్థ ఇచ్చిన అంకె ఉంటే అది వేయాలి. లేకపోతే మార్చిన అంకె వేసి, అదనపు వివరాలు రాసే చోట అసలు అంకెనూ మార్చిన పద్ధతినీ ఒక వాక్యంలో చెప్పాలి. ఒక ఫారంలో వేసిన అంకె, రెజ్యూమెలో ఉన్న అంకె, లింక్డిన్‌లో పెట్టిన అంకె ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో పంపేముందు చూసుకోవడం అవసరం.

ఎందుకంటే ఉద్యోగం ఖాయమయ్యాక చాలా కంపెనీలు పత్రాల పరిశీలనను బయటి సంస్థకు అప్పగిస్తాయి. ఆ సంస్థ విశ్వవిద్యాలయానికి రాసి, ఫారంలోని అంకెను రికార్డులోని అంకెతో పోలుస్తుంది. రికార్డులో 7.6 ఉండి ఫారంలో ‘76 శాతం’ అని ఉంటే, పరిశీలకుడికి అది గుణకారంలో పొరపాటుగా కాక మార్కులు పెంచి చూపినట్టుగా కనిపించవచ్చు. మెమోలో లేని శాతాన్ని దరఖాస్తులో రాయాల్సి వస్తే, విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం నుంచి సీజీపీఏ-శాతం మార్పిడి ధ్రువపత్రం ముందే తీసుకుని ఉంచుకోవాలి.