బిల్లు తప్పు తరువాత రాసే సందేశం: కొలత, కొసరు

వ్యాపార ఉత్తరాల గురించి చదివేటప్పుడు ఫిర్యాదుకు సమాధానం రాయడం మీరు నేర్చుకొని ఉంటారు. ఈ పాఠంలో అందులోని ఒక చిన్న భాగాన్ని మాత్రమే పరిశీలిద్దాం. సంస్థ పొరపాటున బిల్లు ఎక్కువ వేసింది. డబ్బు తిరిగి ఇవ్వడమే కాక, వినియోగదారుకు కలిగిన ఇబ్బందికి తన ఇష్టంతో మరికొంత తగ్గించాలనుకుంటోంది. ఇలా అదనంగా ఇచ్చేదాన్ని గుడ్‌విల్ క్రెడిట్ అంటారు. ఆ విషయం తెలిపే సందేశం మొదటి ప్రతిలో ఎలా ఉంటుందో, దాన్ని ఎలా సరిదిద్దాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

వనపర్తి జిల్లా వీపనగండ్లలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడిపే ఒకరిని ఊహించుకోండి. దుకాణానికి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థ ఆఫీసు పెబ్బేరులో ఉంది. ఆయన నెలకు 800 రూపాయల ప్లాను నుంచి 600 రూపాయల ప్లానుకు మార్చమని జూన్ 28న చెప్పారు. సంస్థ వేగం తగ్గించింది కాని బిల్లింగులో మార్పు నమోదు చేయలేదు. జులై, ఆగస్టు బిల్లులు పాత ధరకే వచ్చాయి. ఆయన రెండూ కట్టారు. మూడుసార్లు ఫోన్ చేశారు. చివరకు ఒకరోజు దుకాణం మూసి, బస్సెక్కి పెబ్బేరు వెళ్లి రసీదులు చూపించారు. అప్పుడు తప్పు బయటపడింది.

ఇప్పుడు మీరు ఆ సంస్థ ఆఫీసులో పనిచేస్తున్నారనుకోండి. మీ ముందు ఈ మొదటి ప్రతి ఉంది:

“ప్రియమైన కస్టమర్, సాంకేతిక కారణాల వల్ల మీ బిల్లింగులో పొరపాటు దొర్లినట్లు మా దృష్టికి వచ్చింది. మీకు ఏదైనా అసౌకర్యం కలిగి ఉంటే అందుకు తీవ్రంగా చింతిస్తూ మనస్ఫూర్తిగా క్షమాపణలు వేడుకుంటున్నాము. మీవంటి కస్టమర్లే మాకు దేవుళ్లు. మా సద్భావనకు గుర్తుగా మీకు 612 రూపాయల ప్రత్యేక కానుక అందజేస్తున్నాము. ఇకపై కూడా మా సేవలను ఆదరిస్తూ, ఐదు నక్షత్రాల రేటింగ్ ఇవ్వగలరని ఆశిస్తున్నాము.”

చదవడానికి మర్యాదగానే ఉంది. అయినా ఇది అందుకున్న మనిషికి కోపం తగ్గదు, బహుశా పెరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ 612 రూపాయలను విడదీసి చూడాలి.

బాకీ వేరు, కానుక వేరు

800 రూపాయల ప్లానుకు 18 శాతం జీఎస్టీ కలిపితే 944 రూపాయలు. 600 ప్లానుకు 708 రూపాయలు. నెలకు తేడా 236, రెండు నెలలకు 472. ఈ 472 రూపాయలు సంస్థవి కావు, వినియోగదారువి. మిగిలిన 140 రూపాయలు మాత్రమే సంస్థ తన ఇష్టంతో ఇస్తున్నది. రెండూ కలిపి 612 రూపాయల కానుక అంటే ఆయన డబ్బునే ఆయనకు బహుమతిగా ఇస్తున్నట్టు. జిరాక్స్ దుకాణం నడిపేవారికి ఈ లెక్క అర నిమిషంలో తెలిసిపోతుంది.

సంతలో కూరగాయలు కొనేటప్పుడు మీరు గమనించే ఉంటారు. ముళ్లు సరిగ్గా నిలిచేదాకా తూచాక, పైన నాలుగు పచ్చిమిరపకాయలు వేస్తారు. ఆ వేసినది కొసరు. తూకం తక్కువగా ఉంచి, దాన్ని నింపడానికి వేసినదాన్ని కొసరు అని ఎవరూ అనరు. గుడ్‌విల్ క్రెడిట్ కూడా అంతే. తూకం సరిపెట్టే వాక్యం ముందు రావాలి, కొసరు వాక్యం తరువాత రావాలి. రెండు మొత్తాలూ రెండు వేర్వేరు వాక్యాల్లో, వీలైతే వేర్వేరు పేరాల్లో ఉండాలి.

ఇక్కడ తరచుగా జరిగే ఇంకో తప్పు ఉంది. ప్లాన్ల మధ్య తేడా 200 కదా అని రెండు నెలలకు 400 రూపాయలే తిరిగి ఇస్తారు. దానిపై వసూలు చేసిన 72 రూపాయల పన్ను మరచిపోతారు. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం, ఇన్‌వాయిస్‌లో విలువ లేదా పన్ను ఎక్కువగా పడితే సరఫరాదారు క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చు. కాబట్టి సందేశం రాసేముందు లెక్కల విభాగం క్రెడిట్ నోట్‌లో 400 వేసిందా, 472 వేసిందా అని అడిగి చూసుకోండి. ఈ అంకె తప్పితే సందేశం ఎంత బాగా రాసినా తప్పు మీద తప్పు చేసినట్టే.

బాకీ తిరిగి ఇవ్వడంలో సంస్థకు ఉన్న స్వేచ్ఛ కూడా తక్కువ. టెలికాం సేవల్లో బిల్లు ఫిర్యాదు పరిష్కారమయ్యాక సర్దుబాటు మొత్తాన్ని వారం రోజుల్లోపు ఖాతాకు చేర్చాలని ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనలు చెబుతాయి. గడువు పెట్టి చేయించే పనిని సద్భావన అని పిలవడం సరికాదు.

140 ఎందుకు?

కొసరు ఎంత ఉండాలనేది రాసేవారు ఒక్కరే నిర్ణయించే విషయం కాదు. కాని ఆ అంకె వెనుక కారణం తెలియకపోతే మీరు దాన్ని సరిగ్గా చెప్పలేరు. మన ఉదాహరణలో నెలకు 600 అంటే రోజుకు 20 రూపాయలు. ఏడు రోజులకు 140. మూడు ఫోన్లకు, ఒక ప్రయాణానికి వారం రోజుల చార్జీ తగ్గించాలని సంస్థ అనుకుంది. ఇది ఆయన పోగొట్టుకున్న సగం రోజు సంపాదనకు సమానం కాకపోవచ్చు. గుడ్‌విల్ క్రెడిట్ నష్టపరిహారం కాదు. అందువల్ల ‘మీ నష్టాన్ని పూరిస్తూ’ అని రాయకూడదు. అలా రాస్తే, నా నష్టం అంతేనా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

పది రూపాయలు ఇస్తే వెక్కిరించినట్టు ఉంటుంది. 2,000 ఇస్తే ఇంకేదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. పైగా మండల కేంద్రంలో ఒకరికి ఇచ్చింది సాయంత్రానికల్లా పక్క దుకాణానికి తెలుస్తుంది. ఇదే తప్పు మరో 30 కనెక్షన్లలో జరిగి ఉంటే వారికీ అదే కొలత వర్తించాలి. ‘వారం రోజుల చార్జీ’ అన్నది అందరికీ చెప్పగలిగిన కొలత. ‘మీకు ప్రత్యేకంగా’ అన్న మాట ఆ పని చేయదు.

క్రియాపదాలను చూడండి

ఇక భాషకు వద్దాం. మొదటి ప్రతిలో పొరపాటు ‘దొర్లింది’, అది ‘దృష్టికి వచ్చింది’, అసౌకర్యం ‘కలిగింది’. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడపడం చాలా సులువు. ఆ సులువే ఇక్కడ చిక్కు తెచ్చింది. తప్పు ఎవరు చేశారో వాక్యంలో ఎక్కడా లేదు. ‘దృష్టికి వచ్చింది’ అన్నది నిజం కూడా కాదు. ఆయన బస్సెక్కి వచ్చి దృష్టికి తెచ్చారు. ‘సాంకేతిక కారణాలు’ అన్నదీ నిజం కాదు. ఒక మనిషి ఒక మార్పును నమోదు చేయలేదు, అంతే. కాబట్టి ‘మేం నమోదు చేయలేదు’, ‘మేం ఎక్కువ తీసుకున్నాం’ అని రాయాలి.

‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్న మాట రైల్వే స్టేషన్లలో విని విని అందరికీ అరిగిపోయింది. అది వినగానే రైలు ఆలస్యం గుర్తొస్తుంది కాని మనిషి గుర్తుకు రారు. ‘ఏదైనా అసౌకర్యం కలిగి ఉంటే’ అన్నది ఇంకా చెడ్డది. మూడుసార్లు ఫోన్ చేసిన మనిషికి ఇబ్బంది కలిగిందో లేదో తెలియనట్టు నటిస్తోంది. ఆ ‘ఉంటే’ తీసేసి, జరిగిన ఇబ్బందిని పేరుపెట్టి చెప్పండి. నిజాయితీ విశేషణాల్లో కాక ఇటువంటి వివరాల్లో కనిపిస్తుంది. అప్పుడు ‘తీవ్రంగా’, ‘మనస్ఫూర్తిగా’, ‘వేడుకుంటున్నాము’ అవసరం లేకుండా పోతాయి. ‘క్షమించండి’ ఒక్కసారి చాలు. 472 రూపాయల తప్పుకు వినియోగదారును దేవుణ్ణి చేయనవసరం లేదు.

సంబోధన గురించి ఒక మాట. ఫోన్‌లో అయితే ఈ ప్రాంతంలో ‘అన్నా’ అనడమే సహజం. కాని ఈ సందేశం ఒక రుజువుగా నిలిచిపోతుంది కాబట్టి పేరుకు ‘గారు’ చేర్చి రాయండి. పేరు తెలిసి కూడా ‘ప్రియమైన కస్టమర్’ అనడం దూరం పెట్టినట్టే.

చివరి వాక్యంలోని రేటింగ్ అభ్యర్థనను పూర్తిగా కొట్టేయాలి. ప్రతిగా ఏదో అడిగితే అది కొసరు కాదు, బేరం. ‘ఫిర్యాదు ఉపసంహరించుకుంటే’, ‘ఏడాది ప్లాను తీసుకుంటే’ అన్న షరతులూ అంతే. క్రెడిట్ తీసుకున్నంత మాత్రాన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసే హక్కు ఆయనకు పోదు. పోతుందన్న భావన కలిగేలా రాయకూడదు.

సరిదిద్దిన ప్రతి

“...... గారికి నమస్కారం. 600 రూపాయల ప్లానుకు మార్చమని మీరు జూన్ 28న చెప్పారు. ఆ మార్పును మేం బిల్లింగులో నమోదు చేయలేదు. అందువల్ల జులై, ఆగస్టు నెలల్లో మీ దగ్గర నెలకు 236 రూపాయలు ఎక్కువ తీసుకున్నాం. తప్పు మాది, క్షమించండి.

ఎక్కువ తీసుకున్న 472 రూపాయలను, జీఎస్టీతో సహా, సెప్టెంబరు 9న మీరు చెల్లించిన యూపీఐ ఖాతాకే తిరిగి పంపాం. సెప్టెంబరు బిల్లు సరైన ప్లాను ప్రకారమే వేశాం.

దీనికోసం మీరు మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది, ఒకరోజు దుకాణం మూసి పెబ్బేరు రావాల్సి వచ్చింది. అందుకని అక్టోబరు చార్జీలో వారం రోజులవి, 140 రూపాయలు, తగ్గిస్తున్నాం. ఆ నెల బిల్లు 708కి బదులు 542 రూపాయల 80 పైసలు వస్తుంది. దీనికి మీరు చేయాల్సింది ఏమీ లేదు. లెక్కలో తేడా కనిపిస్తే ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి.”

542.80 ఎలా వచ్చిందో మీరే సరిచూసుకోండి. 600లో 140 తీస్తే 460, దానిపై 18 శాతం పన్ను 82.80. అంకె ముందే చెప్పడం వల్ల అక్టోబరు బిల్లు చూసినప్పుడు ఆయన మళ్లీ ఫోన్ చేయనవసరం ఉండదు. ‘తిరిగి పంపాం’ అన్న భూతకాల క్రియను కూడా గమనించండి. డబ్బు నిజంగా చేరాకే ఈ సందేశం వెళ్లాలి. ‘త్వరలో పంపుతాం’ అని రాస్తే, అప్పటికే రెండు నెలలు ఆగిన మనిషిని ఇంకా ఆగమన్నట్టు.

సందేశంలో లింకు లేదు. రీఫండ్ పేరుతో లింకులు, ఓటీపీలు అడిగే మోసాలు ఎక్కువైనందువల్ల లింకు ఉంటే నిజమైన సందేశాన్ని కూడా నమ్మరు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదన్న సంగతి ఆయన బహుశా తన దుకాణానికి వచ్చేవారికి రోజూ చెబుతూనే ఉంటారు. పంపే మార్గం విషయానికి వస్తే, ఒక్క తెలుగు ఎస్సెమ్మెస్‌లో 70 అక్షర సంకేతాలే పడతాయి, గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. ఇంత సందేశం అందులో ముక్కలవుతుంది కాబట్టి వాట్సాప్‌లో గాని బిల్లుతోపాటు కాగితం మీద గాని పంపడం మేలు.

అభ్యాసం

పై ఉదాహరణలో వినియోగదారు ఫోన్ చేయకముందే సంస్థే తప్పును కనిపెట్టిందనుకోండి. అధికంగా తీసుకున్న మొత్తం 472 రూపాయలే. సంస్థ రెండు రోజుల చార్జీ, అంటే 40 రూపాయలు, తగ్గించాలనుకుంది. మూడో పేరాలో ఏ కారణం చెబుతారు? అక్టోబరు బిల్లు ఎంత వస్తుంది? సందేశాన్ని 60 మాటలకు మించకుండా తిరిగి రాయండి.