సెంటీమీటరుకో మెట్టు

ఎలక్ట్రిక్ స్కూటర్ వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారులోంచి ఎనిమిది వైర్లు బయటికి వస్తాయి. మూడు లావుగా ఉంటాయి, ఐదు సన్నగా ఉంటాయి. లావు వైర్లలో పోయే కరెంటే చక్రాన్ని తిప్పుతుంది. కానీ ఆ కరెంటు ఏ క్షణాన ఏ వైరులోంచి వెళ్లి ఏ వైరులోంచి తిరిగి రావాలో తేల్చేది సన్న వైర్లు మోసుకొచ్చే కబురు. ఆ కబురు చాలా చిన్నది: మూడు అంకెలు, అవీ సున్నాలూ ఒకట్లూ మాత్రమే. వాటితోనే బండి ఎలా కదులుతుందో అర్థమైతే, అది మొరాయించినప్పుడు ఎందుకు మొరాయించిందో కూడా చాలావరకు అర్థమవుతుంది.

పాత రకం డీసీ మోటారులో ఈ పని కార్బన్ బ్రష్‌లది. తిరిగే భాగానికి ఒరుసుకుంటూ, అది తిరిగేకొద్దీ కరెంటును ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు మార్చేవి. బ్రష్‌లెస్ మోటారులో ఒరుసుకునేది ఏదీ లేదు. రాగి తీగ చుట్టలు ఇరుసుకు బిగించి కదలకుండా ఉంటాయి, అయస్కాంతాలు చక్రం లోపలి అంచుకు అంటుకుని వాటి చుట్టూ తిరుగుతాయి. అయస్కాంతం ఇప్పుడు ఎక్కడుందో తెలియకుండా కరెంటు ఇస్తే చక్రం ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోతుంది. అందుకని చుట్టల మధ్య మూడు హాల్ సెన్సర్లు పెడతారు. అయస్కాంతం దగ్గరికొస్తే, కరెంటు పారే లోహపు రేకులో అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ గమనించాడు. ఇవాళ అదే సూత్రం మిరియపు గింజంత చిప్పులో ఒదిగింది. ఎదురుగా ఉత్తర ధ్రువం ఉంటే ఒక జవాబు, దక్షిణ ధ్రువం ఉంటే రెండో జవాబు. ఒకటి, లేదా సున్నా.

అసలు మోటారు ఒకటి తీసుకుని లెక్క వేద్దాం. హబ్ మోటార్లలో తరచుగా కనిపించే అమరికల్లో ఒకటి 46 అయస్కాంతాలది. ఉత్తరం, దక్షిణం పక్కపక్కన జతలుగా చూస్తే 23 జతలు. ఒక జత పూర్తిగా సెన్సర్ ముందు నుంచి సాగిపోతే అది ఒక ఎలక్ట్రికల్ సైకిల్. అంటే చక్రం ఒక్కసారి తిరిగేలోపు 23 సైకిళ్లు జరుగుతాయి. ఈ సైకిల్‌నే 360 డిగ్రీలుగా లెక్కపెడతారు. మూడు సెన్సర్లూ ఈ కొలతలో 120 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒక్కో సెన్సర్ సైకిల్‌లో రెండుసార్లు మాట మారుస్తుంది, ఒకసారి సున్నా నుంచి ఒకటికి, ఒకసారి ఒకటి నుంచి సున్నాకు. మూడు సెన్సర్లు, రెండేసి మార్పులు, మొత్తం ఆరు. ఆ ఆరూ సమదూరంలో, 60 డిగ్రీలకొకటి చొప్పున వస్తాయి. ఆరు మెట్లు అక్కడి నుంచే పుట్టాయి.

ఇక లావు వైర్ల సంగతి. వాటిని ఏ, బీ, సీ అందాం. మూడు చుట్టలూ లోపల ఒక కొసన కలిసే ఉంటాయి. కాబట్టి కరెంటు ఒక వైరులోంచి లోపలికెళ్లి ఇంకో వైరులోంచి బయటికి రావాలి, మూడోది ఆ కాసేపు ఖాళీగా ఉంటుంది. కంట్రోలర్ డబ్బాలో ఒక్కో వైరుకు రెండు స్విచ్చులు ఉంటాయి, పైది బ్యాటరీ ప్లస్‌కు, కిందిది మైనస్‌కు కలుపుతుంది. వీటిని మాస్‌ఫెట్లు అంటారు. ఒకే వైరు మీది రెండు స్విచ్చులూ ఒకేసారి తెరుచుకుంటే బ్యాటరీ నేరుగా షార్టవుతుంది, కాబట్టి అది ఎన్నడూ జరగనివ్వరు. సెన్సర్ల మూడంకెలను ఏ, బీ, సీ వరసలో చదివితే, బాగా వాడుకలో ఉన్న పట్టిక ఇది:

101 వస్తే ఏ ప్లస్, బీ మైనస్
100 వస్తే ఏ ప్లస్, సీ మైనస్
110 వస్తే బీ ప్లస్, సీ మైనస్
010 వస్తే బీ ప్లస్, ఏ మైనస్
011 వస్తే సీ ప్లస్, ఏ మైనస్
001 వస్తే సీ ప్లస్, బీ మైనస్

ఆరో మెట్టు తర్వాత మళ్లీ మొదటిది. ఈ పట్టికను నిదానంగా చూడాలి, ఎందుకంటే మోటారు నడక అంతా ఇందులోనే ఉంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పోయేటప్పుడు మూడంకెల్లో ఒక్కటే మారుతుంది. వైర్లలోనూ అంతే: ఒకసారి మైనస్ చేతులు మారుతుంది, ప్లస్ అలాగే ఉంటుంది, మరుసటి మెట్టులో ప్లస్ మారుతుంది, మైనస్ ఉంటుంది. ఒక్క ఏ వైరునే పట్టుకుని చూస్తే, రెండు మెట్లు ప్లస్, ఒకటి విరామం, రెండు మెట్లు మైనస్, మళ్లీ ఒకటి విరామం. మూడంకెలకు ఎనిమిది కలయికలు ఉండాలి కదా, ఇక్కడ ఆరే ఉన్నాయి. 000, 111 ఈ అమరికలో రానే రావు. వచ్చాయంటే ఎక్కడో ఏదో తెగింది. దాని సంగతి కాసేపట్లో.

ఈ మెట్లు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయో చూద్దాం. చక్రం చుట్టుకొలత సుమారు 136 సెంటీమీటర్లు అనుకోండి, పది అంగుళాల రిమ్ము, టైరుతో కలిపి. చక్రం ఒక్కసారి తిరిగితే 23 సైకిళ్లు, సైకిల్‌కు ఆరు మెట్లు, మొత్తం 138. అంటే బండి సుమారు ఒక సెంటీమీటరు కదిలినప్పుడల్లా కంట్రోలర్ ఒకసారి స్విచ్చు మారుస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఇది సెకనుకు దాదాపు 700 సార్లు. యాక్సిలరేటర్‌కు ఈ పట్టికతో పని లేదు. ఏ వైర్లు అన్నది పట్టిక చెబుతుంది. ఎంత కరెంటు అన్నది యాక్సిలరేటర్ చెబుతుంది. కంట్రోలర్ తెరిచిన స్విచ్చునే సెకనుకు వేల సార్లు మూసి తెరుస్తూ, తెరిచి ఉంచే వ్యవధిని పెంచడమో తగ్గించడమో చేస్తుంది.

చక్రం ఎందుకు తిరుగుతుంది? ఒక్కో మెట్టులో చుట్టలు ఒక దిక్కుకు అయస్కాంత శక్తిని చూపిస్తాయి, మెట్టు మారితే ఆ దిక్కు 60 డిగ్రీలు ముందుకు దూకుతుంది. మెట్టు మొదలైనప్పుడు చుట్టల దిక్కు, చక్రం మీది అయస్కాంతాల దిక్కుకంటే 120 డిగ్రీలు ముందుంటుంది. చక్రం దాన్ని అందుకోబోతుంది, తేడా 60కి తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే ఒక సెన్సర్ మాట మారుస్తుంది, దిక్కు మళ్లీ 120కి జరుగుతుంది. దూడకు పచ్చగడ్డి చూపిస్తూ ముందు నడిచే మనిషి పని ఇదే. తేడా 90 డిగ్రీలున్నప్పుడు తోపు గరిష్ఠం, సున్నా దగ్గరా 180 దగ్గరా అసలేమీ ఉండదు. 60 నుంచి 120 దాకా ఉండే ఈ పరిధిలో తోపు ఎప్పుడూ గరిష్ఠంలో 87 శాతానికి తగ్గదు. ఈ చిన్న హెచ్చుతగ్గే నెమ్మదిగా కదిలేటప్పుడు వినిపించే గురగురకు ఒక కారణం. ఖరీదైన బండ్లలో మెట్లు లేకుండా మూడు వైర్లలోనూ కరెంటును అలలా పెంచి తగ్గించే పద్ధతి వాడతారు, అవి దాదాపు నిశ్శబ్దంగా కదులుతాయి. డ్రోన్లలో చాలావాటికి సెన్సర్లే ఉండవు. విరామంలో ఉన్న వైరులో పుట్టే వోల్టేజీని చూసి చోటు పోల్చుకుంటాయి. కానీ ఆ వోల్టేజీ తిరుగుతున్నప్పుడే పుడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి, మనిషి బరువుతో కదలాల్సిన స్కూటర్‌కు ఆగి ఉన్నప్పుడే చోటు తెలియాలి. అందుకే దానికి హాల్ సెన్సర్లు.

ఇప్పుడు చెడిన సంగతి. ఏ సెన్సర్ వైరు తెగిందనుకుందాం. ఈ వైర్లన్నీ ఇరుసు మధ్యలోని రంధ్రంలోంచి బయటికొస్తాయి, ఇరుసు నట్టు వదులైతే ఇరుసే తన చోట్లో తిరిగి వాటిని మెలిపెట్టి తెంపేస్తుంది. సెన్సర్ తన జవాబును సున్నాకు లాగడమే చేస్తుంది. లాగనప్పుడు ఒకటిగా ఉంచేది కంట్రోలర్‌లోని రెసిస్టరు. కాబట్టి తెగిన వైరు ఎప్పుడూ ఒకటి అనే చెబుతుంది. అప్పుడు కంట్రోలర్‌కు కనబడే వరస ఇలా మారుతుంది: 101, 100, 110, 110, 111, 101. మొదటి మూడు మెట్లూ సరైనవే. నాలుగో మెట్టులో 010 రావాల్సిన చోట 110 రావడంతో దిక్కు ముందుకు జరగదు. చక్రం దాన్ని అందుకుంటూ పోతుంది, తోపు తగ్గుతూ మెట్టు చివరికి సున్నా అవుతుంది. ఐదో మెట్టులో 111, పట్టికలో లేని అంకె, స్విచ్చులన్నీ మూతపడతాయి. ఆరో మెట్టులో దిక్కు ఉండాల్సినదానికంటే 60 డిగ్రీలు ముందుకు పోతుంది, తోపు సున్నాతో మొదలై మెల్లగా పుంజుకుంటుంది.

సెంటీమీటర్లలో చెప్పాలంటే ప్రతి ఆరింటిలో మూడు బాగుంటాయి, రెండు బలహీనంగా ఉంటాయి, ఒకటి పూర్తిగా చచ్చుబడుతుంది. బండి పరుగులో ఉంటే ఆ చచ్చుచోటును ఊపుతోనే దాటేస్తుంది, దడదడమంటూనైనా సాగుతుంది. ఆగినప్పుడు చక్రం ఆ చోట్లోనే నిలిస్తే మాత్రం ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా కదలదు. కాలితో రెండు మూడు సెంటీమీటర్లు నెట్టగానే ఏమీ జరగనట్టు లేస్తుంది. "కొన్నిసార్లు కదులుతుంది, కొన్నిసార్లు కదలదు" అన్న ఫిర్యాదు వింటే బ్యాటరీ మార్చేముందు ఈ మూడు సన్న వైర్లను చూడాలి. సెన్సర్లకు కరెంటిచ్చే ఎర్ర వైరే తెగితే లక్షణం వేరు: మూడూ ఒకట్లే, ఎప్పుడూ 111, చక్రం ఏ చోటునా కదలదు. కొన్ని కంట్రోలర్లు 000 గానీ 111 గానీ చూడగానే మొత్తం ఆపేసి లోపం గుర్తు చూపిస్తాయి, వాటిలో ఒక్క వైరు తెగినా ఈ రెండో లక్షణమే కనబడవచ్చు.

పరీక్షకు మామూలు మల్టీమీటర్ చాలు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక చక్రం నేలకు తగలకుండా చూసి, తాళం ఆన్ చేసి యాక్సిలరేటర్ జోలికి పోకూడదు. సన్న కనెక్టరును విప్పకుండా, వెనక నుంచి కొస ఆనించాలి. నల్ల వైరుకూ ఎర్ర వైరుకూ మధ్య 5 వోల్టులకు దగ్గరగా వస్తోందా అన్నది మొదట తేల్చుకోవాలి. తర్వాత నల్ల కొస అక్కడే ఉంచి, ఎర్ర కొసను మూడు సిగ్నల్ వైర్ల మీద ఒక్కొక్కదానిపై పెట్టి చక్రాన్ని చేత్తో అతి నెమ్మదిగా తిప్పాలి. బాగున్న సెన్సర్ సున్నా దగ్గరికీ 5 దగ్గరికీ మారుతూ ఉంటుంది, మన మోటారులో అయితే చక్రం ఒక చుట్టుకు 23 సార్లు. మారకుండా ఒకే చోట నిలిచిపోయినదే దోషి. మూడింటికీ ఒకేలా మారితే సెన్సర్లను వదిలేసి లావు వైర్ల కనెక్షన్ల వైపు చూడాలి.

మోటారుగానీ కంట్రోలర్‌గానీ మార్చినప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. లావు వైర్లూ సిగ్నల్ వైర్లూ రెండూ చాలా బండ్లలో పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లోనే ఉంటాయి, కానీ రంగుకు రంగు కలిపితే సరిపోతుందన్న హామీ లేదు, తయారీదారుల మధ్య ఒప్పందం లేదు కాబట్టి. సిగ్నల్ వైర్లను కదపకుండా లావు వైర్లను ఆరు రకాలుగా కలపవచ్చు. సరైనది అందులో ఒకటే. రెండు కలయికల్లో చక్రం వెనక్కి, బలహీనంగా, విపరీతమైన కరెంటు లాగుతూ తిరుగుతుంది. మిగతా మూడింటిలో ఒకసారి వణికి బిగుసుకుపోతుంది. వెనక్కి తిరిగింది కదా, దిశ ఒక్కటే తప్పని మురిసిపోవడం ఇక్కడ ప్రమాదం. సరైన కలయికకు గుర్తు దిశ కాదు, కరెంటు: చక్రం గాలిలో ఉండగా బ్యాటరీ నుంచి ఒకటి రెండు ఆంపియర్లకు మించి లాగకూడదు. అందుకే ఈ ప్రయోగాలు చేసేటప్పుడు యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగానే తిప్పాలి, ఒక్కో ప్రయత్నం రెండు మూడు సెకన్లకు మించకూడదు, లేకపోతే సరైన వరస దొరికేలోపే మాస్‌ఫెట్లు కాలిపోతాయి.