అంచులో మిగిలే పచ్చదనం
తోటలో తీసిన పెళ్లికూతురి ఫొటోను తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీదకు మార్చాలి. ఫొటోషాప్‌లో లాసోతో ఆమె చుట్టూ గీసి, మొదలుపెట్టిన చోటే కలిపితే సెలెక్షన్ సిద్ధం. అలాగే కోస్తే అంచు కత్తెరతో కత్తిరించినట్టుంటుంది. అందుకే ఫెదర్. కానీ అది గీతకు లోపలా బయటా కూడా అంచును పలచబరుస్తుంది. బయటి భాగంలో ఆకుల రంగు కొంత వెంటవచ్చి, చీర చుట్టూ పచ్చటి చారగా మిగులుతుంది. ఫెదర్ పెంచితే పోతుందనుకుంటారు చాలామంది. చార ఇంకా వెడల్పవుతుంది.

ముందు Select > Modify > Contract తో సెలెక్షన్‌ను 2 పిక్సెళ్లు లోపలికి జరపండి. తర్వాత అక్కడే Feather 1 ఇచ్చి, Ctrl+J నొక్కితే బొమ్మ కొత్త లేయర్‌లోకి వస్తుంది. ఫొటో పెద్దదైతే ఈ అంకెలూ పెంచాలి. ఎగిరే వెంట్రుకల దగ్గర మాత్రం లాసోను నమ్ముకోవద్దు.