గిన్నెలో నిజంగా ఎంత పడింది?

పెంపుడు పిల్లులకు వేళకు తిండి పెట్టే ఆటోమేటిక్ ఫీడర్లలో చాలావాటికి గ్రాముల లెక్క తెలియదు. మోటారు ఇన్ని సెకన్లు తిరిగితే ఇంత పడుతుందన్న అంచనాతోనే నడుస్తాయి. డబ్బాలో గింజలు ఇరుక్కుంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పిల్లి మాత్రం పస్తుంటుంది. అందుకే సొంతంగా ఫీడర్ చేసుకునేవాళ్లు గిన్నె కింద లోడ్ సెల్ పెడతారు.

ఇది చిన్న అల్యూమినియం కడ్డీ. ఒక కొస బిగించి, రెండో కొస మీద గిన్నె కూర్చోబెడతారు. బరువుకు కడ్డీ కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అంటించిన సన్నని గేజ్‌ల విద్యుత్ నిరోధం ఆ మేరకు మారుతుంది. కిలో మోసే మామూలు సెల్‌కు 5 వోల్టులిస్తే, నిండా కిలో పెట్టినా వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులే. 40 గ్రాముల తిండికి అది 0.2 మిల్లీవోల్టు. ఇంత చిన్న సంకేతాన్ని 128 రెట్లు పెంచి అంకెగా మార్చే పని HX711 అనే చిప్‌ది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గది వేడి మారినా, గిన్నె బరువు గంటల తరబడి కడ్డీ మీదే ఉన్నా, సున్నా మెల్లగా జరుగుతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. రాత్రి సున్నా చూపిన ఖాళీ గిన్నె పొద్దున 4 గ్రాములు చూపిందనుకోండి. మిగిలిన తిండి అనుకుని ఫీడర్ 36 గ్రాములే వేస్తుంది.

రీడింగ్ తగ్గినప్పుడల్లా సున్నా చేసేయడం దీనికి మందు కాదు. అలా చేస్తే పిల్లి నిజంగా వదిలేసిన తిండి కూడా లెక్కలోంచి మాయమవుతుంది. సరైన దారి తేడాను కొలవడం. మోటారు తిరిగే ముందు పది రీడింగుల సగటు తీసుకోవాలి. తిండి పడ్డాక, అంకె నిలకడగా ఆగే దాకా చూసి మళ్లీ తీసుకోవాలి. పిల్లి అప్పటికే మూతి పెట్టేస్తే అంకె ఊగుతూనే ఉంటుంది కాబట్టి ఈ ఆగడం తప్పనిసరి. ముందు 4, తర్వాత 44 వస్తే పడింది 40 గ్రాములు. ఆ కాసేపట్లో డ్రిఫ్ట్ లెక్కకు రానంత తక్కువ. తిన్నదాన్నీ ఇలాగే, పిల్లి వచ్చే ముందు, వెళ్లాక వచ్చే అంకెల తేడాతో తేల్చవచ్చు.

గిన్నెలో ఎంత మిగిలిందో మాత్రం తేడా చెప్పలేదు. దానికి అసలైన సున్నా కావాలి. గిన్నె కడిగి తుడిచి పెట్టినప్పుడు మనిషి బటన్ నొక్కి సున్నా చేయడమే నా దృష్టిలో నమ్మదగిన పద్ధతి.

అంకె కదలడానికి కారణం వెతకాలంటే, గిన్నెలో ఒక తూకపురాయి పెట్టి రాత్రంతా రీడింగునూ గది ఉష్ణోగ్రతనూ నమోదు చేయండి. రెండూ కలిసి కదిలితే వేడి ప్రభావం. బరువు పెట్టిన తొలి అరగంట జరిగి తర్వాత నెమ్మదిస్తే కడ్డీ సాగుదల. ఉన్నట్టుండి దూకితే మాత్రం వదులైన స్క్రూ, లాగుతున్న వైరు, లేదా పెట్టె అంచుకు రాసుకుంటున్న గిన్నె. వీటిని ఏ ప్రోగ్రామూ సరిచేయలేదు, స్క్రూడ్రైవర్ పట్టాల్సిందే.