చూపులేని తల్లి వీలునామా

చూపు పోయినవారు, అక్షరం రానివారు వీలునామా రాయించుకోకూడదని చట్టం ఎక్కడా అనలేదు. తాను చేస్తున్నదేమిటో తెలిసినంతవరకూ అంధులకూ ఆ హక్కు ఉందని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతుంది. సంతకం బదులు వేలిముద్ర చెల్లుతుందని, ఇద్దరు సాక్షులు కావాలని 63వ సెక్షను అంటుంది. అయినా వేలిముద్ర వీలునామాలు కోర్టుల్లో ఎక్కువగా చిక్కుకునేది ముద్ర దగ్గర కాదు. ఆ కాగితంలో ఏముందో వేలు పెట్టిన మనిషికి తెలుసా అన్న ప్రశ్న దగ్గర.

ఒక పెద్దావిడ ఉందనుకుందాం. కళ్లు కనబడవు. ఇల్లు తనను చూసుకుంటున్న చిన్నకూతురికి, రెండెకరాల మాగాణి ముగ్గురు పిల్లలకూ సమానంగా ఇవ్వాలని ఆమె కోరిక. చిన్నకూతురే దస్తావేజు లేఖరిని పిలిపించి, రాయించి, తల్లి చేయి పట్టుకుని ముద్ర వేయిస్తే, రేపు అన్న కోర్టుకెళ్లడానికి అదే ఆధారమవుతుంది. లాభం పొందేవారే వీలునామా తయారీలో ముందుండి నడిపిస్తే అది అనుమానాస్పదమని, ఆ అనుమానాన్ని తీర్చే బాధ్యత వీలునామాను చూపేవారిదేనని వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది.

అందుకని ఆ రోజు కూతురు గదిలో ఉండకపోవడమే మంచిది. ముందు తల్లి తన మాటల్లో చెప్పాలి, తరువాతే లేఖరి రాయాలి. వాటా లేని ఒకరు సాక్షుల ఎదుట, ఆమె మాట్లాడే యాసలో, నెమ్మదిగా మొత్తం చదివి వినిపించాలి. ఆపై తిరిగి అడగాలి: “అమ్మా, ఇల్లు ఎవరికి రాయించావు? పొలమో?” జవాబు కాగితంతో కలవకపోతే అక్కడితో ఆపేయాలి. కలిస్తే చివర ఇలా రాయాలి: “పై సంగతులు ఫలానావారు తెలుగులో చదివి వినిపించగా విని, అర్థం చేసుకుని, నా ఇష్టప్రకారమే అని ఒప్పుకుని ముద్ర వేశాను.” అక్షరం రానివారికీ ఇదే పద్ధతి.

నాట్లు వేసి అరిగిన వేలికి సిరా పలుచగా రాయాలి. ఎక్కువైతే గీతలు కలిసిపోయి మచ్చే మిగులుతుంది. ప్రతి పేజీ మీదా ముద్ర పడాలి, పక్కన అది ఎవరిదో రాయాలి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా వేలు పెట్టనివ్వకండి.

ప్రతి సాక్షీ ఆమె ముద్ర వేయడం చూడాలి, లేదా తానే వేశానని ఆమె నోటినుంచి వినాలి. తరువాత ఆమె సమక్షంలో సంతకం చేయాలి. ఆమెకు కనబడదు కాబట్టి “నేను ఫలానా, సాక్షి సంతకం చేస్తున్నాను” అని పైకి చెప్పడం మేలు. లేఖరి సంతకం లేఖరిగానే లెక్క, దాన్ని సాక్షి సంతకమనుకుని ఒక్కరితో సరిపెట్టకూడదు. సాక్షులు ఆమెకన్నా చిన్నవయసువారైతే మంచిది. వీలునామా రుజువు చేయడానికి సాక్షి బతికుండి, రాగల స్థితిలో ఉంటే, కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాల్సిందే.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే బలమే. కదలలేని స్థితిలో ఉంటే, కారణం చూపి సబ్ రిజిస్ట్రారును ఇంటికే పిలిపించవచ్చు. అయితే చదివి వినిపించారన్న సాక్ష్యం లేకపోతే, రిజిస్టరు ముద్ర ఒక్కటే అనుమానాన్ని తీర్చదు.