గేమ్‌కి జనం డబ్బు: అపోహలు – వాస్తవాలు

ఇంకా పూర్తి కాని గేమ్‌ను చూపించి, దాన్ని ఆడాలనుకునే వాళ్ల దగ్గరే ముందుగా డబ్బు తీసుకుని తయారు చేయడాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారు. డబ్బు ఇచ్చినవారికి వడ్డీగానీ వాటాగానీ రాదు. గేమ్ కాపీ, సంగీతం, బొమ్మల పుస్తకం లాంటి రివార్డులు వస్తాయి. ఇచ్చే మొత్తాన్ని బట్టి రివార్డు మారుతుంది కాబట్టి వాటిని శ్రేణులుగా పెడతారు. దీనిమీద ఉన్న అపోహలు ఎక్కువగా లెక్కల దగ్గరే పుడతాయి. అందుకే ఇక్కడ ఒక ఊహా లెక్కను చివరిదాకా వేసి చూడాలి. విజయనగరంలో ఇద్దరు కుర్రాళ్లు 1757 నాటి బొబ్బిలి యుద్ధం మీద చిన్న కంప్యూటర్ గేమ్ చేస్తున్నారనుకుందాం.

అపోహ: గేమ్ తయారీకి ఎంత ఖర్చో అంతే లక్ష్యంగా పెట్టాలి.

ముందు ఆ ఖర్చునే సరిగ్గా వేయరు. సొంత ఊళ్లో, సొంత ఇంట్లో ఉంటున్నామని తమ జీతాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఆరు నెలలకు ఇంట్లో ఒత్తిడి పెరిగి ఒకరు ఉద్యోగం కోసం విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లిపోతే పని అక్కడే ఆగిపోతుంది. కాబట్టి మనిషికి నెలకు 25 వేలు చొప్పున ఏడాదికి 6 లక్షలు రాయాలి. సంగీతం, శబ్దాలు బయటివారితో చేయించడానికి 80 వేలు, సాఫ్ట్‌వేర్, పరీక్షకు పనికొచ్చే కంప్యూటర్లు, స్టోర్ రుసుము కలిపి 60 వేలు అనుకుంటే మొత్తం 7 లక్షల 40 వేలు. అనుకోని ఆలస్యానికి ఇందులో 20 శాతం, అంటే 1 లక్షా 48 వేలు కలపాలి. ఇప్పుడు 8 లక్షల 88 వేలు అయింది.

ఇది చేతికి రావాల్సిన డబ్బు. అడగాల్సిన డబ్బు ఇంతకంటే ఎక్కువ. కిక్‌స్టార్టర్ వేదిక రుసుము 5 శాతం. కార్డు చెల్లింపుల ఖర్చు దీనికి అదనం. రెండూ కలిపి సుమారు 8 శాతం అనుకోవచ్చు. ప్రచారం ముగిశాక కొందరి కార్డులు చెల్లవు, దానికి ఇంకో 3 శాతం పోతుందనుకుందాం. రివార్డుల తయారీకి, పంపకానికి 14 శాతం అనుకుంటే వచ్చిన ప్రతి వంద రూపాయల్లో గేమ్‌కి మిగిలేది 75. ఈ లెక్కన 8 లక్షల 88 వేలు చేతికి రావాలంటే లక్ష్యం దాదాపు 12 లక్షలు ఉండాలి. ఇందులో పన్ను లెక్క లేదు. వచ్చిన డబ్బు బహుమతి కాదు, ముందస్తు అమ్మకానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆదాయపు పన్ను, జీఎస్టీ ఎలా పడతాయో ప్రచారం మొదలుపెట్టక ముందే ఆడిటర్‌ని అడగాలి. తర్వాత అడిగితే లక్ష్యాన్ని మార్చే వీలుండదు.

అపోహ: పెద్ద మొత్తం ఇచ్చేవారికి మంచి వస్తువు ఇస్తే లాభం ఎక్కువ.

నష్టం ఎక్కువగా ఇక్కడే దాగి ఉంటుంది. 500 రూపాయల శ్రేణిలో గేమ్ కాపీ మాత్రమే ఇస్తే, రుసుములు, చెల్లని కార్డుల కోతలు పోను 445 మిగులుతుంది. రివార్డుకి విడిగా ఖర్చే లేదు. 1,500 శ్రేణిలో డిజిటల్ సంగీతం, బొమ్మల పుస్తకం ఇచ్చి క్రెడిట్స్‌లో పేరు వేసినా అదనపు ఖర్చు స్వల్పమే.

5,000 శ్రేణికి బొబ్బిలి వీణ నమూనా పెడదామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. గేమ్‌కి అతికినట్టు ఉంటుంది కూడా. కోతలు పోను చేతికి వచ్చేది 4,450. నమూనా 1,800, పెట్టె, ప్యాకింగ్ 250, రాష్ట్రంలో కొరియర్ 250 అనుకుంటే 2,150 మిగులుతుంది. అదే పార్సెల్ అమెరికాకు వెళ్లాలంటే, రవాణా 2,500 అనుకున్నా వంద రూపాయలు చేతి నుంచి పడతాయి. ఎక్కువ ఇచ్చిన అభిమానే నష్టం తెచ్చినవాడవుతాడు. అందుకే పంపే ఖర్చును రివార్డు ధరలో కలపకుండా దేశాన్ని బట్టి విడిగా వసూలు చేయాలి. పనస కర్రతో చేతిపనిగా చేసే వస్తువు కాబట్టి, కళాకారులు నెలకు ఎన్ని ఇవ్వగలరో అడిగి ఆ సంఖ్య దగ్గరే శ్రేణిని మూసేయాలి. మొదటి గేమ్‌కి వస్తువుల శ్రేణి ఒక్కటి ఉంటే చాలు. అసలు లేకపోయినా ఏ లోటూ లేదు.

అపోహ: వేదిక మీద పెడితే జనం వాళ్లే వస్తారు.

సగటున ఒక్కొక్కరు వెయ్యి ఇస్తారనుకుంటే 12 లక్షలకు 1,200 మంది కావాలి. ముందే పరిచయమైనవారిలో వందకు ఐదుగురు డబ్బు కడతారని ఉదారంగా అనుకున్నా, ప్రచారానికి ముందు 24 వేల మందికి ఆ గేమ్ తెలిసి ఉండాలి. ఆ సంఖ్యలో పదో వంతు కూడా లేకపోతే ప్రచారాన్ని వాయిదా వేయాలి, లేదా గేమ్‌ను చిన్నది చేయాలి. అప్పుడు లక్ష్యం కూడా తగ్గుతుంది.

ప్రాచీన భారతదేశం నేపథ్యంగా సాగే ‘అన్‌రెస్ట్’ కోసం మన దేశపు పైరోడాక్టిల్ 2013లో అడిగింది 3 వేల డాలర్లే. వచ్చింది 36 వేలు దాటింది. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2017లో ‘రాజీ’ కోసం చేసిన కిక్‌స్టార్టర్ ప్రచారం లక్ష్యాన్ని అందుకోలేదు. అక్కడ నియమం ఒక్కటే: లక్ష్యం చేరకపోతే ఒక్క రూపాయి కూడా రాదు. ఆ గేమ్ వేరే దారిలో పూర్తయి 2020లో విడుదలైంది. ఎంత వచ్చినా ఇచ్చేసే పద్ధతి ఉన్న వేదికలూ ఉన్నాయి. అది చూడటానికి సురక్షితంగా అనిపిస్తుంది. నిజానికి మూడో వంతు డబ్బు తీసుకుని మొత్తం గేమ్ ఇవ్వాల్సిన బాధ్యత నెత్తిన వేసుకోవడమే అది.

అపోహ: శ్రీకాకుళంలో కూర్చుని కిక్‌స్టార్టర్ ఖాతా తెరవచ్చు.

ప్రచారం నడపడానికి కిక్‌స్టార్టర్ అనుమతించే దేశాల్లో భారత్ లేదు. అమెరికాలో ఉన్న బావగారి పేరుమీద పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అప్పుడు ఒప్పందం ఆయనతోనే అవుతుంది. డబ్బు ఆయన ఖాతాలోకి వస్తుంది, పన్ను చిక్కులు ఆయనవే, గేమ్ రాకపోతే మాట పడేదీ ఆయనే. లిఖితపూర్వక ఒప్పందం లేకుండా ఆ పని చేయకూడదు. లాభంలో వాటా ఇస్తామని జనాన్ని పిలవడం మరో ప్రమాదం. ఆన్‌లైన్ వేదికల ద్వారా వాటాలు అమ్మి నిధులు సేకరించడానికి సెబీ అనుమతి లేదు.

అపోహ: లక్ష్యం దాటితే గండం గడిచినట్టే.

2012లో టిమ్ షేఫర్‌కి చెందిన డబుల్ ఫైన్ సంస్థ 4 లక్షల డాలర్లు అడిగితే 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. డబ్బు పెరిగేకొద్దీ ‘బ్రోకెన్ ఏజ్’ గేమ్ ఊహ కూడా పెరిగింది. మరుసటి ఏడాదికే ఆ డబ్బు చాలదని తేలి గేమ్‌ను రెండు భాగాలు చేశారు. మొదటిది 2014 జనవరిలో, రెండోది 2015 ఏప్రిల్‌లో వచ్చాయి. అదనపు లక్ష్యాల పేరుతో కొత్త పాత్రలు, కొత్త భాషలు, కొత్త పరికరాలు ప్రకటించే ముందు ఈ కథ చదవాలి.

ఆలస్యం అరుదైనది కాదు. వార్టన్ స్కూల్ పరిశోధకుడు ఈథన్ మాలిక్ 2014 అధ్యయనంలో నిధులు అందుకున్న ప్రాజెక్టుల్లో 75 శాతానికి పైగా చెప్పిన గడువు దాటాయని తేలింది. కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల మీద 2015లో ఆయన ఇచ్చిన నివేదిక ప్రకారం 9 శాతం ప్రాజెక్టులు రివార్డులు ఇవ్వలేకపోయాయి. విజయనగరం కుర్రాళ్లు కూడా ప్రచారం పేజీలో పన్నెండు నెలలని కాక పద్దెనిమిది నెలలని రాస్తే మంచిది. అయితే ఆ అదనపు ఆరు నెలల జీతం 3 లక్షలు. పైన కలిపిన 1 లక్షా 48 వేలతో అందులో దాదాపు సగమే సర్దుతుంది. మిగతాది ముందే పొదుపులోంచైనా రావాలి, లేదా గేమ్‌లో కొన్ని ఘట్టాలైనా తగ్గాలి.